రెండు గంటల టర్నింగ్‌కి ఎవిడెన్స్ ఎంత? ఐసీయూ బెడ్‌సోర్ ప్రాజెక్టుకి సమ్మరీ రాసే పద్ధతి

ప్రశ్న: ఎమ్మెస్సీ నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. మెడికల్ ఐసీయూలో ప్రెషర్ ఇంజురీ నివారణ మీద ప్రాక్టీస్ చేంజ్ ప్రాజెక్ట్. రెండు గంటలకోసారి పొజిషన్ మార్చాలని అందరూ చెప్తారు, కానీ మా గైడ్ మేడమ్ "దానికి ఎవిడెన్స్ లెవెల్ ఎంత?" అని అడుగుతున్నారు. ఒకే పేపర్‌కి ఒక్కోచోట ఒక్కో గ్రేడ్ కనిపిస్తోంది. సమ్మరీ ఎలా రాయాలి, ఏ మార్పు ప్రతిపాదించాలి? మాకు ఎయిర్ బెడ్లు ఉన్నాయి. ఫోమ్ డ్రెస్సింగ్ ఇండెంట్ పెడితేనే వస్తుంది.

జవాబు:

పేషెంట్‌ని తిప్పాలి అనేదానికీ, సరిగ్గా రెండు గంటలకే తిప్పాలి అనేదానికీ మీ సమ్మరీలో వేర్వేరు వరుసలు ఉండాలి. మొదటిదాన్ని ప్రధాన గైడ్‌లైన్లు గట్టిగా సిఫార్సు చేస్తాయి. రెండోదానికి ఉన్న ఎవిడెన్స్ బలహీనం. కాబట్టి "రెండు గంటల టర్నింగ్ కంప్లయన్స్ పెంచడం" అని ప్రాజెక్ట్ పెడితే, ఉన్నవాటిలో బలం తక్కువైన ముక్కనే పట్టుకున్నట్టు అవుతుంది. తిప్పినప్పుడు త్రికం దగ్గర, అంటే శాక్రమ్ మీద, బరువు నిజంగా తగ్గిందా? మడమలు గాల్లో ఉన్నాయా? ఎయిర్ బెడ్ పనిచేస్తోందా? నా సలహా ఈ మూడింటి మీద మార్పు పెట్టమని, రిస్క్ బాగా ఎక్కువున్నవాళ్లకి ఫోమ్ డ్రెస్సింగ్ కలపమని. ఎందుకో వరుసగా చెప్తాను.

ముందు గ్రేడింగ్ గొడవ. ఒకే పేపర్‌కి రెండు గ్రేడ్లు కనిపించడానికి కారణం, ఒక్కో స్కేల్ ఒక్కోదాన్ని కొలవడమే. జాన్స్ హాప్కిన్స్ మోడల్‌లో ఆర్‌సీటీ, ఆర్‌సీటీల మీద చేసిన సిస్టమాటిక్ రివ్యూ రెండూ లెవెల్ 1. మెల్నిక్ స్కేల్‌లో రివ్యూ లెవెల్ 1, విడి ఆర్‌సీటీ లెవెల్ 2. క్లినికల్ ప్రాక్టీస్ గైడ్‌లైన్‌ని జాన్స్ హాప్కిన్స్‌లో లెవెల్ 4లో పెడతారు. అది చూసి గైడ్‌లైన్ పనికిరాదని అనుకునే విద్యార్థులున్నారు. లెవెల్ అనేది స్టడీ ఏ రకం డిజైన్‌తో చేశారో చెప్తుంది, అంతే. దాని ఫలితాన్ని ఎంత నమ్మవచ్చో చెప్పదు. నమ్మకం ఎంత అనేది చెప్పేది గ్రేడ్ అనే పేరున్న పద్ధతి, ఇంగ్లిషులో GRADE అని రాస్తారు. అందులో ఒక్కో పేపర్‌కి కాకుండా ఒక్కో ఫలితానికి, దానిమీద ఉన్న స్టడీలన్నీ కలిపి, హై, మోడరేట్, లో, వెరీ లో అని నాలుగు మెట్లలో నిర్ణయిస్తారు.

ఈ తేడా బాగా అర్థమయ్యేది బ్యాక్ కేర్ విషయంలో. మన వార్డుల్లో స్పిరిట్, పౌడర్ వేసి వీపు రుద్దడం ఇప్పటికీ ఉంది. బెడ్‌సోర్ నివారణకి మసాజ్ మీద 2015లో కోక్రేన్ రివ్యూ ఒకటి వచ్చింది. డిజైన్ ప్రకారం అది లెవెల్ 1. కానీ అందులో చేర్చడానికి అర్హత ఉన్న స్టడీ ఒక్కటీ దొరకలేదు. టేబుల్‌లో "మసాజ్, లెవెల్ 1" అని మాత్రమే రాస్తే చదివినవాళ్లు మసాజ్‌కి బలమైన ఆధారం ఉందనుకుంటారు. అందుకే మీ టేబుల్‌లో డిజైన్ లెవెల్‌కి ఒక కాలమ్, ఫలితం మీద నమ్మకానికి ఇంకో కాలమ్ పెట్టండి. ఏ స్కేల్ వాడారో పైన ఒకసారి రాసి, చివరిదాకా అదే వాడండి. మధ్యలో స్కేల్ మారిస్తే వైవాలో మొదటి ప్రశ్న దానిమీదే వస్తుంది.

సెర్చ్‌లో ఒక జాగ్రత్త. అమెరికా జాతీయ ప్రెషర్ అల్సర్ సలహా మండలి "ప్రెషర్ అల్సర్" అనే పేరు తీసేసి "ప్రెషర్ ఇంజురీ" అని పెట్టింది 2016లో. కొత్త పేరుతో మాత్రమే వెతికితే అంతకుముందు వచ్చిన ముఖ్యమైన ట్రయల్స్ తప్పిపోతాయి. పబ్‌మెడ్‌లో ఇలా మొదలుపెట్టవచ్చు:

```
("Pressure Ulcer"[Mesh] OR "pressure injury"[tiab] OR "pressure ulcer"[tiab])
AND (reposition*[tiab] OR turning[tiab] OR "Patient Positioning"[Mesh])
AND (randomized controlled trial[pt] OR systematic review[pt])
```

సెర్చ్ చేసిన తేదీ, వచ్చిన పేపర్లు ఎన్ని, వాటిలో ఉంచుకున్నవి ఎన్ని అనేవి నోట్ చేసుకోండి.

ఇక టర్నింగ్ ట్రయల్స్. మీరు అన్నిటికన్నా ముందు చదవాల్సింది 2020లో గిలెస్పీ బృందం చేసిన కోక్రేన్ రివ్యూ. అందులో 8 ట్రయల్స్, 3,941 మంది ఉన్నారు. ఎన్ని గంటలకి తిప్పాలి, ఏ కోణంలో పడుకోబెట్టాలి అన్న రెండు ప్రశ్నలకీ స్పష్టమైన జవాబు లేదనీ, ఉన్న ఎవిడెన్స్ లో లేదా వెరీ లో అనీ తేల్చారు. మీ గైడ్ మేడమ్ ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు ఇదే. అయితే ఆ వాక్యం ఒక్కటే రాస్తే ఏం మార్చాలో తెలియదు. విడి ట్రయల్స్‌లోకి వెళ్తే తెలుస్తుంది.

బెల్జియంలో డెఫ్లూర్ బృందం 2005లో వృద్ధుల నర్సింగ్ హోముల్లో 838 మంది మీద పనిచేసింది. ప్రెషర్ తగ్గించే విస్కోఎలాస్టిక్ ఫోమ్ పరుపు మీద నాలుగు గంటలకోసారి తిప్పిన గుంపులో స్టేజ్ 2, అంతకన్నా పెద్ద పుండ్లు 3 శాతం. మిగతా గుంపుల్లో 14.3 నుంచి 24.1 శాతం. మామూలు పరుపు మీద రెండు గంటలకే తిప్పిన గుంపు కూడా ఆ మిగతావాటిలోనే ఉంది. అంటే గడియారం ఒక్కటే చాలదు, పరుపు కూడా ముఖ్యం. 2013లో బెర్గ్‌స్ట్రామ్ బృందం అమెరికా, కెనడాల్లోని 27 నర్సింగ్ హోముల్లో 942 మందిని హై డెన్సిటీ ఫోమ్ మీద రెండు, మూడు, నాలుగు గంటల గుంపులుగా విడదీసి మూడు వారాలు చూసింది. మొత్తం మీద 2 శాతం మందికే పుండ్లు వచ్చాయి, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ రెండూ చూసి "అయితే మనమూ నాలుగు గంటలకి మారుద్దాం" అనకండి. అవి నర్సింగ్ హోములు. అక్కడివాళ్లు వాసోప్రెసర్ మీద లేరు, వెంటిలేటర్ మీద లేరు. వాడిన ఫోమ్ పరుపులు మీ ఐసీయూలో ఉన్నవి కావు. మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నది స్పెయిన్‌లో మంజానో బృందం చేసి 2014లో ప్రచురించిన ట్రయల్. వెంటిలేటర్ మీద ఉన్న 329 మందిని ఆల్టర్నేటింగ్ ఎయిర్ పరుపు మీదే ఉంచి రెండు గంటలు, నాలుగు గంటలు పోల్చారు. స్టేజ్ 2, అంతకన్నా పెద్ద పుండ్లు రెండు గంటల గుంపులో 10.3 శాతం, నాలుగు గంటల గుంపులో 13.4 శాతం. హజార్డ్ రేషియో 0.89, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.46 నుంచి 1.71 దాకా. రెండు గంటలకి తిప్పడం వల్ల పుండ్లు సగానికి తగ్గి ఉండవచ్చు, 70 శాతం పెరిగి ఉండవచ్చు, ఈ లెక్క రెండిటినీ కొట్టిపారేయలేదని దాని అర్థం. "తేడా లేదు" అనీ "తేడా తేలలేదు" అనీ రాయడం ఒకటి కాదు. మీరు రాయాల్సింది రెండోదే.

ఆ ట్రయల్‌లో చాలామంది చదవకుండా వదిలేసే వరుస ఇంకొకటుంది. ట్యూబ్ అడ్డుపడటం, అనుకోకుండా ఎక్స్‌ట్యుబేషన్ అవడం లాంటి పరికరాల సమస్యలు కలిపి చూస్తే రెండు గంటల గుంపులో 47.9 శాతం, నాలుగు గంటల గుంపులో 36.6 శాతం. తిప్పిన ప్రతిసారీ ఈటీ ట్యూబ్ కదులుతుంది, సెంట్రల్ లైన్ లాగుతుంది. నివారణ చర్యకి కూడా దుష్ఫలితం ఉంటుంది కాబట్టి మీ టేబుల్‌లో "హాని" అనే కాలమ్ తప్పనిసరి.

ఈ ఒక్క ఫలితానికి గ్రేడ్ ఎలా వేస్తారో చేసి చూపిస్తాను. ప్రశ్న: ఎయిర్ బెడ్ మీద ఉన్న ఐసీయూ పేషెంట్లలో నాలుగు గంటలకి బదులు రెండు గంటలకి తిప్పితే స్టేజ్ 2 పైబడ్డ పుండ్లు తగ్గుతాయా? ఎవిడెన్స్ ఆర్‌సీటీ నుంచి వచ్చింది కాబట్టి హై దగ్గర మొదలుపెడతాం. మొదట బయాస్. తిప్పే నర్సుకి పేషెంట్ ఏ గుంపో తెలుసు, దాచడం కుదరదు. ఆ తెలిసిన విషయం మిగతా కేర్‌ని ప్రభావితం చేసి ఉండవచ్చు, ఒక మెట్టు దించుతాం. తర్వాత ఫలితాల్లో పొంతన. మన ప్రశ్నకి నేరుగా సరిపోయే ట్రయల్ దాదాపు ఒకటే కనుక దించడానికి ఆధారం లేదు. మూడోది సంబంధం. ఐసీయూ, వెంటిలేటర్, ఎయిర్ పరుపు, మూడూ మనవే, దించక్కర్లేదు. నర్సింగ్ హోమ్ ట్రయల్స్‌ని ఇదే ప్రశ్నకి వాడితే మాత్రం ఇక్కడ ఒక మెట్టు పోతుంది. నాలుగోది కచ్చితత్వం. ఇంటర్వల్ మేలు నుంచి కీడు దాకా పరుచుకుని ఉంది కాబట్టి ఇంకో మెట్టు. ఐదోది పబ్లికేషన్ బయాస్. ఇంత తక్కువ ట్రయల్స్‌తో దాన్ని తేల్చలేం, అలా అనే రాసి వదిలేయండి. మొత్తం రెండు మెట్లు దిగి "లో" అయింది. ఇంటర్వల్ మరీ వెడల్పు అని కచ్చితత్వానికి రెండు మెట్లు దించి "వెరీ లో" అనేవాళ్లూ ఉంటారు, అదీ తప్పు కాదు. ఏ మెట్టు ఎందుకు దించారో కారణం రాస్తే చాలు. ఎగ్జామినర్ చూసేది ఆ కారణాన్నే.

ఐసీయూ బయటి మాటకొస్తే 2011లో ఐర్లండ్‌లో వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణ ఆసుపత్రుల్లో మూర్ బృందం చేసిన క్లస్టర్ ట్రయల్ ఉంది. రాత్రిపూట మూడు గంటలకోసారి 30 డిగ్రీల వాలులో ఉంచిన 99 మందిలో ముగ్గురికి పుండ్లు వచ్చాయి. ఆరు గంటలకోసారి 90 డిగ్రీలకి పక్కకి తిప్పే పాత పద్ధతిలో 114 మందిలో 13 మందికి వచ్చాయి. తేడా 8.4 శాతం, అంటే సుమారు 12 మందికి కొత్త పద్ధతిలో చేస్తే ఒకరికి పుండు తప్పుతుంది. ఈ ట్రయల్‌లో వ్యవధి, కోణం రెండూ ఒకేసారి మారాయని గమనించండి. 30 డిగ్రీలకే ఇంత ఫలితమని దీన్ని పట్టుకుని చెప్పలేం. అయినా 90 డిగ్రీల్లో పడుకోబెడితే తొడ ఎముక బొడిపె మీద, అంటే గ్రేటర్ ట్రోకాంటర్ మీద, బరువంతా పడుతుంది. 30 డిగ్రీల్లో అటు అదీ ఇటు శాక్రమ్ రెండూ తప్పించుకుంటాయి. కాబట్టి దాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది, కానీ టేబుల్‌లో నమ్మకం "లో" అనే ఉండాలి.

ఇక మార్పు ఏమిటో. వ్యవధిని మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. మీ యూనిట్‌లో రెండు గంటల పాలసీ ఉంటే ఉండనివ్వండి, లేదా పేషెంట్‌ని బట్టి రెండు నుంచి నాలుగు గంటల మధ్య డాక్టర్‌తో కలిసి నిర్ణయించి చార్ట్‌లో రాసేలా చేయండి. మార్చాల్సింది తిప్పే తీరు. చార్ట్‌లో టిక్ పడి ఉంటుంది, మంచం దగ్గరికెళ్లి చూస్తే వీపు వెనక దూది దిండు ఒకటి నలిగి పడి ఉంటుంది, పేషెంట్ వెల్లకిలానే ఉంటారు. దిండు లేదా వెడ్జ్‌ని భుజం నుంచి పిర్ర దాకా పొడవునా పెట్టాలి. పెట్టాక గ్లోవ్ వేసుకున్న అరచేతిని శాక్రమ్ కింద దూర్చండి. చెయ్యి సులువుగా వెళ్లిందంటే బరువు తప్పింది. ఇరుక్కుంటే ఆ తిప్పడం లెక్కలోకి రాదు, దిండు సర్దాలి. దూది దిండు కొద్దిసేపట్లోనే అణిగిపోతుంది, కాబట్టి గట్టి ఫోమ్ వెడ్జ్‌లు మంచానికి ఒకటి చొప్పున ఇండెంట్ పెట్టడం ఈ ప్రాజెక్టులో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఉపయోగపడే కొనుగోలు. కోణం సరిపోయిందో లేదో మొదటి వారం ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో కొలిస్తే స్టాఫ్ కంటికి 30 డిగ్రీలు అలవాటవుతుంది. చాలామంది 30 అనుకునేది నిజానికి అంతకన్నా తక్కువే ఉంటుంది.

వెంటిలేటర్ న్యుమోనియా రాకుండా తల వైపు ఎత్తాలి, శాక్రమ్ కోసం తల వైపు దించాలి. ఈ రెండూ ఢీకొంటాయి. వైద్యులు వేరేలా చెప్పకపోతే 30 డిగ్రీల దగ్గర ఉంచడం రెండిటికీ కుదిరే చోటు. తల ఎత్తే ముందు మోకాళ్ల దగ్గర మంచం ఎత్తండి, తర్వాత తల వైపు. వరుస తారుమారైతే పేషెంట్ కిందికి జారతారు, చర్మం దుప్పటికి అతుక్కునే ఉంటుంది, లోపలి ఎముక జరుగుతుంది. ఆ షియర్ వల్లే శాక్రమ్ దగ్గర లోతు గాయాలు వస్తాయి. పైకి జరిపేటప్పుడు చంకల్లో చేతులేసి లాగకుండా ఇద్దరు డ్రా షీట్ పట్టుకుని ఎత్తాలి.

బీపీ నిలకడగా లేనివాళ్లని "తిప్పకూడదు" అని చార్ట్‌లో రాసేసి పన్నెండు గంటలు వదిలేయడం ఎక్కువగా జరిగే లోపం. నెమ్మదిగా, కొద్ది కోణంలో మొదలుపెట్టి తిప్పండి. బీపీ, శాచురేషన్ మొదట కొంచెం పడటం మామూలే. ప్రమాదకరంగా పడితే వెంటనే వెనక్కి తేవాలి, లేకపోతే సుమారు పది నిమిషాలు చూసి అప్పుడు నిర్ణయించాలి. నిజంగా తట్టుకోలేకపోతే తల, మడమలు, భుజాలు కొద్దికొద్దిగా కదిలించి, ప్రతి షిఫ్ట్‌లో మళ్లీ ప్రయత్నించినట్టు రాయాలి.

మడమల విషయంలో ఫలితం స్పష్టంగా కనిపించిన ట్రయల్ ఒకటుంది. 2011లో ఉత్తర ఐర్లండ్‌లో తుంటి ఎముక విరిగిన 239 మంది వృద్ధుల మీద డొనెల్లీ బృందం చేసినది. మడమలు పూర్తిగా పైకి లేపి ఉంచిన గుంపులో పుండ్లు 7 శాతం, మామూలు కేర్ గుంపులో 26 శాతం. పైగా మొదటి గుంపులో మడమల మీద ఒక్కటీ రాలేదు. తుంటి విరిగినవాళ్ల ఫలితాన్ని ఐసీయూకి తెస్తున్నాం కాబట్టి ఒక మెట్టు, ఎవరికి ఏ పరికరం పెట్టారో దాచలేం కాబట్టి ఇంకో మెట్టు దించినా, చేయదగ్గ పనే. దానికి పరికరం కొనలేకపోతే దిండుని పిక్క కింద పొడవునా పెట్టి, మోకాలు కొంచెం వంగేలా చూసి, మడమ కింద ఒక కాగితం అటూ ఇటూ ఆడుతుందో లేదో చూడండి. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ మీద దిండు అంచు నొక్కకూడదు. నీళ్లు నింపిన గ్లోవ్, సెలైన్ బాటిల్, గాలి రింగు మన దగ్గర బాగా వాడతారు, గైడ్‌లైన్ వద్దంటుంది. గ్లోవ్ మీద పెట్టిన మడమ గాల్లో ఉండదు, ఇంకో గట్టి వస్తువు మీద ఉంటుంది.

పరుపు గురించి. మామూలు హాస్పిటల్ పరుపుకి బదులు మంచి ఫోమ్ పెడితే పుండ్ల రిస్క్ సుమారు 60 శాతం తగ్గుతుందని 2015 కోక్రేన్ రివ్యూ లెక్క, రిలేటివ్ రిస్క్ 0.40. ఫోమ్‌కి బదులు ఎయిర్ బెడ్ మేలా అన్నదానికి బ్రిటన్‌లో నిక్సన్ బృందం 2019లో 2,029 మందితో చేసిన ప్రెషర్ 2 ట్రయల్‌లో ఎయిర్ గుంపులో 6.9 శాతం, హై స్పెసిఫికేషన్ ఫోమ్ గుంపులో 8.9 శాతం వచ్చాయి. వైద్యం సాగిన కాలంలో ఆ తేడా గణాంకాల్లో నిలవలేదు. మీకు ఎయిర్ బెడ్లు ఎలాగూ ఉన్నాయి, అవి పనిచేసేలా చూడటమే మీ పని. పంప్ ఆన్‌లో ఉందా, ట్యూబ్ మంచం కమ్మీ మధ్య మడత పడిందా, ప్రెషర్ నాబ్ పేషెంట్ బరువుకి సరిపెట్టారా అని ప్రతి షిఫ్ట్‌లో చూడాలి. ఓవర్‌లే కింద, శాక్రమ్ తిన్నగా, అరచేయి పెట్టి నొక్కండి. చేతికీ శరీరానికీ మధ్య అంగుళం కన్నా తక్కువ మందమే తగిలితే పరుపు అడుగంటిందన్నమాట, పేషెంట్ మంచం మీద ఉన్నట్టే.

పరుపు పైన ఏముందో కూడా లెక్కపెట్టండి. బెడ్ షీట్, మెకింతోష్, డ్రా షీట్, దానిమీద అండర్‌ప్యాడ్, ఒంటికి డయాపర్ కలిపి చాలాచోట్ల ఐదు పొరలు ఉంటాయి. రబ్బరు మెకింతోష్ గాలిని ఆపేస్తుంది, చెమట నిలుస్తుంది. బిగించి దోపిన షీట్ ఎయిర్ బెడ్ గదుల కదలికని పేషెంట్ దాకా రానివ్వదు. వదులుగా వేసిన షీట్ ఒకటి, అవసరమైతే బాగా పీల్చే అండర్‌ప్యాడ్ ఒకటి చాలు.

ఫోమ్ డ్రెస్సింగ్‌కి వస్తే ఇక్కడ ఎవిడెన్స్ మిగతావాటికన్నా మెరుగు. అందుకే స్టోర్‌తో మాట్లాడటానికి మీకు అంకెలు కావాలి. మెల్‌బోర్న్‌లో సాంటమారియా బృందం ఐసీయూ, ట్రామా పేషెంట్లు 440 మందిలో శాక్రమ్, మడమల మీద మల్టీలేయర్ సిలికోన్ ఫోమ్ వాడితే పుండ్లు 13.1 నుంచి 3.1 శాతానికి తగ్గాయి. బెర్లిన్‌లో హానెల్ బృందం 2020లో 422 మంది ఐసీయూ పేషెంట్లలో 10.5కి బదులు 2.8 శాతం చూపింది. 2021లో బెల్జియంలో బేక్‌మన్ బృందం ప్రభుత్వ నిధులతో 1,633 మందిలో చేసిన పెద్ద ట్రయల్‌లో మాత్రం 6.3 నుంచి 4.0కి తగ్గింది, రిలేటివ్ రిస్క్ 0.64. ఆ మేలు శాక్రమ్ దగ్గర స్పష్టంగా కనిపించింది, మడమల దగ్గర కాదు. మొదటి ట్రయల్ ప్రకారం పది మందికి వేస్తే ఒక పుండు తప్పుతుంది, చివరిదాని ప్రకారం సుమారు 43 మందికి వేయాలి. అన్నీ ఒకే వైపు చూపుతున్నాయి కాబట్టి నేనైతే నమ్మకం "మోడరేట్" అని రాస్తాను. డ్రెస్సింగ్‌ని చూసేవాళ్ల నుంచి దాచలేం కాబట్టి బయాస్‌కి ఒక మెట్టు పోతుంది. 2018 కోక్రేన్ రివ్యూ ఇదే ప్రశ్నకి "లో" ఇచ్చింది, కానీ 2020, 2021 ట్రయల్స్ దానికి తర్వాత వచ్చినవి. ఈ తేడా మీ సమ్మరీలో ఒక వాక్యంగా ఉండాలి. ప్రతి ట్రయల్‌లో నిధులిచ్చింది ఎవరో కూడా చూసి రాయండి. డ్రెస్సింగ్ ట్రయల్స్‌లో అది ముఖ్యం.

మీ యూనిట్‌కి లెక్క ఇలా కట్టండి. ఉదాహరణకి మూడు నెలల్లో 48 గంటలు దాటి ఉన్నవాళ్లు 150 మంది, వాళ్లలో కొత్తగా స్టేజ్ 2 పైబడ్డ పుండ్లు వచ్చినవాళ్లు 12 మంది అనుకుందాం. అది 8 శాతం. పెద్ద ట్రయల్ నుంచి 0.64 తీసుకుని గుణిస్తే 5.1 శాతం అవుతుంది. తేడా 2.9, కాబట్టి సుమారు 35 మందికి వేస్తే ఒకటి తప్పుతుంది. మూడు రోజులకోసారి మారుస్తూ ఒక్కొక్కరికి సగటున మూడు పడితే ఒక పుండు తప్పించడానికి 105 డ్రెస్సింగ్‌లు. దాన్ని మీ స్టోర్ రేటుతో గుణించి, ఒక స్టేజ్ 3 పుండుకి మీ దగ్గరయ్యే డ్రెస్సింగ్, యాంటీబయాటిక్, అదనపు పడక రోజుల ఖర్చు పక్కన పెట్టండి. చిన్న ట్రయల్ తాలూకు పది అనే అంకె చూపించి ఇండెంట్ పాస్ చేయించుకుంటే ఆర్నెల్లకి ఫలితం కనిపించదు, తర్వాత ఎవరూ ఇవ్వరు. అందరికీ వేయకుండా వాసోప్రెసర్ మీద ఉన్నవాళ్లు, కదల్లేనివాళ్లకి శాక్రమ్ మీద మాత్రమే అని మొదలుపెడితే మొదటి రిస్కే ఎక్కువ కాబట్టి 35 అనేది ఇంకా తగ్గుతుంది.

వేసేటప్పుడు చర్మం శుభ్రంగా, పొడిగా ఉండాలి, అడుగున క్రీమ్ ఉండకూడదు. రోజుకి ఒకసారైనా అంచు ఎత్తి చర్మం చూసి మళ్లీ అంటించాలి. అలా ఎత్తి అంటించగలగడం సిలికోన్ వల్లే కుదురుతుంది. విరేచనం లోపలికి చేరినా అంచు చుట్టుకుపోయినా మార్చాలి. స్టాక్ లేదని గాజ్ గుడ్డ మీద ప్లాస్టర్ వేసి దాన్నే ఫోమ్ కింద లెక్కించకండి, ట్రయల్ ఫలితం దానికి వర్తించదు.

బ్రాడెన్ స్కోర్ ఎవరికి ఏ మార్పు వర్తింపజేయాలో ఎంచుకోవడానికి వాడుకోండి, కానీ స్కోర్ వేయడమే నివారణ అనుకోవద్దు. స్కేల్ వాడినందువల్ల పుండ్లు తగ్గాయని 2019 కోక్రేన్ రివ్యూలో తేలలేదు.

కొలత దగ్గర చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి. మూడు నెలలకి 12 పుండ్లు అనే చోట, ఏ మార్పూ చేయకపోయినా తర్వాతి మూడు నెలల్లో 5 నుంచి 19 దాకా ఎంతైనా రావచ్చు. 12 వర్గమూలం సుమారు 3.5, దాన్ని రెట్టింపు చేసి అటూ ఇటూ వేసిన లెక్క ఇది. 12 నుంచి 8కి తగ్గిందని కై స్క్వేర్ వేసి గెలిచామని రాయకండి. ట్రైనింగ్ ఇచ్చిన మొదటి నెలలో సంఖ్య పెరగడం కూడా సహజం, అందరూ చర్మం చూడటం మొదలుపెడతారు కాబట్టి. అందుకే మీ ముఖ్యమైన కొలత పని జరిగిందా లేదా అన్నదే కావాలి. వారానికి పదిసార్లు, నైట్ షిఫ్ట్ కూడా కలిపి, చెప్పకుండా వెళ్లి నాలుగు విషయాలు చూడండి: శాక్రమ్ కింద చెయ్యి వెళ్లిందా, మడమ కింద కాగితం ఆడిందా, పరుపు అడుగంటలేదా, పొరలు రెండు దాటలేదా. టర్నింగ్ చార్ట్‌ని ఆడిట్ చేస్తే షిఫ్ట్ చివర ఒకేసారి పెట్టిన టిక్‌లు లెక్కపెట్టినట్టే. 2018లో అమెరికాలో పిక్‌హామ్ బృందం 1,312 మంది ఐసీయూ పేషెంట్లకి ఒంటికి సెన్సర్ పెట్టి చూసినప్పుడు, టైమ్‌కి తిప్పమని నర్సులకి సెన్సర్ చూపిస్తూ ఉన్న గుంపులో కూడా కంప్లయన్స్ 67 శాతం, చూపించని గుంపులో 54 శాతం. మీ చార్ట్‌లో 98 శాతం కనిపిస్తుంటే ముందు చార్ట్‌నే అనుమానించాలి.

పుండ్ల లెక్కలో స్టేజ్ 1ని విడిగా ఉంచండి. మన పేషెంట్ల చర్మం రంగులో ఎరుపు కనబడదు, వేలితో నొక్కినా తెల్లబడటం తెలియదు. పక్క చర్మంతో పోల్చి వేడి, గట్టిదనం, నొప్పి, ఊదా నలుపు రంగు మార్పు చూడాలి. దానికి వెలుతురు కావాలి, ఐసీయూలో రాత్రి ఆ వెలుతురు ఉండదు. స్టేజ్ 1 వద్దనుకుని మొత్తం లెక్క వేస్తే ఇద్దరు చూసినా దాదాపు ఒకే సంఖ్య వస్తుంది. విరేచనాల వల్ల పిర్రల మడతల్లో, విస్తరించి, అంచులు లేకుండా వచ్చే చర్మం ఒరుపు బెడ్‌సోర్ కాదు, దాన్ని తేమ గాయంగా వేరే రాయాలి. ఎముక మీద, అంచు స్పష్టంగా ఉన్నదాన్నే లెక్కించండి. ఏది ఏమిటో తేలనప్పుడు ఇద్దరు విడివిడిగా చూసి రాసి, తర్వాత పోల్చుకోవాలి.

టేబుల్‌లో చివరి వరుస గైడ్‌లైన్‌ది. 2019 అంతర్జాతీయ గైడ్‌లైన్‌లో నివారణ ఫోమ్ డ్రెస్సింగ్‌కి బలం బీ1 అని ఉంటుంది. ఆ ఎ, బీ1, బీ2, సీ అనేవి ఆ గైడ్‌లైన్ సొంత కొలత, గ్రేడ్ మెట్లతో ఒకటికొకటి సరిపోవు. 2025లో వచ్చిన నాలుగో ఎడిషన్ ఆన్‌లైన్‌లో ఉంది, అది గ్రేడ్ పద్ధతికి మారింది. పాత పీడీఎఫ్ నుంచి బీ1 ఎత్తి రాసేముందు అదే సిఫార్సు కొత్తదాంట్లో ఎలా ఉందో చూసి, చూసిన తేదీతో సహా రాయండి.